గడువు తీరింది ఎవరికి? వెబ్‌సైటు సర్టిఫికెట్ల గొలుసు చెప్పే కథ

2021 సెప్టెంబర్ 30, గురువారం. భారత కాలమానం ప్రకారం రాత్రి 7 గంటల 31 నిమిషాల 15 సెకన్లు. ఆ క్షణం దాటగానే ప్రపంచవ్యాప్తంగా కొన్ని పాత ఫోన్లు, పాత కంప్యూటర్లు, వాటికంటే ఎక్కువగా ఎవరి కంటికీ కనిపించకుండా వెనక పనిచేసే సర్వర్లు ఒక్కసారిగా మొరాయించాయి. అంతకు నిమిషం ముందు వరకు మామూలుగా తెరుచుకున్న వెబ్‌సైట్లకు ఇప్పుడు ‘మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు’, ‘సర్టిఫికెట్ గడువు తీరింది’ అనే హెచ్చరికలు వచ్చాయి. వెబ్‌సైటు నిర్వాహకులు కంగారుగా తమ సర్టిఫికెట్ల తేదీలు చూసుకున్నారు. అవన్నీ బాగానే ఉన్నాయి. కొన్నింటికి ఇంకా రెండు నెలల గడువు కూడా ఉంది.

మరి గడువు తీరింది ఎవరికి? ఆ రాత్రి చాలామంది ఇంజినీర్లను వేధించిన ప్రశ్న ఇదే. దీనికి జవాబు వెతికితే బ్రౌజరులో కనిపించే ఆ హెచ్చరిక వెనక ఏం జరుగుతుందో తేటతెల్లమవుతుంది.

ఒక సంతకం మీద మరో సంతకం

విద్యార్థి ఉపకార వేతనం కోసం ఆదాయ ధ్రువపత్రం తీసుకువెళ్లాడనుకుందాం. అక్కడి గుమాస్తాకు ఆ విద్యార్థి ఎవరో తెలియదు, ఆ పత్రం మీద సంతకం చేసిన తహసీల్దారూ తెలియకపోవచ్చు. అయినా పత్రాన్ని అంగీకరిస్తాడు. ఎందుకంటే తహసీల్దారును నియమించింది ప్రభుత్వమని తెలుసు, ప్రభుత్వాన్ని ఎవరూ పరిచయం చేయనక్కర్లేదు. నమ్మకం పై నుంచి కిందికి, ఒక్కో సంతకం మీదుగా దిగివస్తుంది.

వెబ్‌సైటు సర్టిఫికెట్టూ అలాంటిదే. అది సర్వరులో ఉండే ఒక చిన్న ఫైలు. అందులో ప్రధానంగా నాలుగు సంగతులు ఉంటాయి: వెబ్‌సైటు చిరునామా, దానికి చెందిన పబ్లిక్ కీ, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు చెల్లుతుంది, ఎవరు జారీ చేశారు. చివర్లో జారీ చేసిన సంస్థ డిజిటల్ సంతకం ఉంటుంది. పబ్లిక్ కీకి జోడీగా ఒక ప్రైవేట్ కీ ఉంటుంది. అది సర్వరు దాటి బయటికి రాకూడదు. ‘ఈ కీ నిజంగా ఈ చిరునామా వారిదే’ అని మూడో వ్యక్తి పూచీ పడటమే సర్టిఫికెట్ చేసే పని, అంతకంటే ఏమీ లేదు. ఆ వెబ్‌సైటు నడిపేవారు మంచివారా, మోసగాళ్లా అన్నది దాని పరిధిలోకి రాదు. మోసగాళ్ల సైట్లకూ తాళం గుర్తు దర్జాగా ఉండవచ్చు.

పూచీ పడిన సంస్థ సంతకం అసలుదో కాదో బ్రౌజరు ఎలా తేలుస్తుంది? ఆ సంస్థ పబ్లిక్ కీ ఉంటే లెక్క కట్టి చూస్తుంది. ఆ పబ్లిక్ కీ మరో సర్టిఫికెట్లో ఉంటుంది. దాని మీద మరొకరి సంతకం ఉంటుంది. ఇలా పైకి పోతూ పోతూ చివరికి తన సంతకం తానే చేసుకున్న ఒక సర్టిఫికెట్ దగ్గర ఆగాలి. దాన్నే రూట్ సర్టిఫికెట్ అంటారు. దానికి పైన పూచీ పడేవారు ఎవరూ లేరు. అందుకే నమ్మదగిన రూట్ల జాబితా ఒకటి ఫోనులో, కంప్యూటరులో ముందుగానే పెట్టి ఇస్తారు. ఆండ్రాయిడ్‌కు, విండోస్‌కు, యాపిల్ పరికరాలకు, ఫైర్‌ఫాక్స్ బ్రౌజరుకు వేర్వేరు జాబితాలు ఉంటాయి. బ్రౌజరు ఎక్కే మెట్ల వరుస ఈ జాబితాలోని ఏదో ఒక పేరు దగ్గర ముగిస్తేనే తాళం గుర్తు కనిపిస్తుంది.

రూట్‌కూ వెబ్‌సైటు సర్టిఫికెట్‌కూ నడుమ ఉండే దాన్ని ఇంటర్మీడియట్ సర్టిఫికెట్ అంటారు. తెలుగు రాష్ట్రాల్లో ఈ మాట వినగానే పన్నెండో తరగతి మార్కుల మెమో గుర్తుకు రావడం సహజమే కానీ, ఇక్కడ దాని అర్థం కేవలం నడిమిది అని. ఇది ఎందుకంటే రూట్ ప్రైవేట్ కీ అత్యంత విలువైనది. అది పోతే లక్షల సైట్ల పూచీ పోయినట్టే. కాబట్టి దాన్ని నెట్‌వర్కుకు దూరంగా, ప్రత్యేక పరికరాల్లో భద్రపరచి, అరుదుగా మాత్రమే బయటికి తీస్తారు. రోజూ జరిగే సంతకాల పనిని ఇంటర్మీడియట్‌కు అప్పగిస్తారు. దానికేదైనా జరిగితే దాన్ని రద్దు చేసి మరోదాన్ని తయారు చేసుకోవచ్చు.

కొత్త సంస్థ, పాత పూచీ

ఇక 2021 సంగతికి వద్దాం. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనేది ఉచితంగా సర్టిఫికెట్లు జారీ చేసే లాభాపేక్ష లేని సేవ. 2015లో మొదలైంది. 2020 ఫిబ్రవరి నాటికే అది 100 కోట్ల సర్టిఫికెట్లు జారీ చేసింది. దాని సొంత రూట్ పేరు ISRG Root X1. 2015 జూన్ 4న పుట్టింది. అయితే కొత్త రూట్‌ను తయారు చేయగానే ప్రపంచంలోని ఫోన్లన్నీ దాన్ని నమ్మవు. ఫోను తయారైన రోజున జాబితాలో ఏ పేర్లు ఉన్నాయో, తర్వాత అప్‌డేట్లు రాకపోతే అవే శాశ్వతం. ఆండ్రాయిడ్ జాబితాలోకి ISRG Root X1 చేరింది 7.1.1 వెర్షన్‌తో. అంతకు ముందు వెర్షన్ల ఫోన్లకు ఆ పేరే తెలియదు.

కొత్తగా వచ్చినవారు ఇలాంటప్పుడు ఏం చేస్తారు? ఊరిలో పేరున్న పెద్దమనిషి చేత ఓ మాట చెప్పించుకుంటారు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ కూడా అదే చేసింది. ఐడెన్‌ట్రస్ట్ అనే పాత సంస్థకు DST Root CA X3 అనే రూట్ ఉంది. 2000 సెప్టెంబర్ 30న జారీ అయిన ఆ రూట్ దాదాపు అన్ని పరికరాల్లోనూ ఉంది. ఆ రూట్ చేత కొత్త సంస్థ కీ మీద కూడా సంతకం పెట్టించారు. దీన్ని క్రాస్ సంతకం అంటారు. దాంతో ఒకే వెబ్‌సైటు సర్టిఫికెట్‌కు పైకి వెళ్లే దారులు రెండు ఏర్పడ్డాయి. కొత్త ఫోను ISRG Root X1 దగ్గర ఆగుతుంది. పాత ఫోను ఇంకో మెట్టు ఎక్కి DST Root CA X3 దగ్గర ఆగుతుంది.

పాత రూట్‌కు ఇచ్చిన గడువు 21 ఏళ్లు. అది తీరిన క్షణమే 2021 సెప్టెంబర్ 30 రాత్రి 7:31:15. గడువు తీరింది వెబ్‌సైటు సర్టిఫికెట్‌కు కాదు, ఇంటర్మీడియట్‌కూ కాదు. గొలుసు చివర్న వేలాడుతున్న పాత పెద్దమనిషికి.

ఇది రాబోతోందని ముందే తెలుసు. 2020 నవంబరులో లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఒక లెక్క బయటపెట్టింది: అప్పటికి వాడుకలో ఉన్న ఆండ్రాయిడ్ పరికరాల్లో 33.8 శాతం 7.1 కంటే పాత వెర్షన్‌వే. మూడింట ఒక ఫోను. తక్కువ ధర ఫోన్లను ఏళ్ల తరబడి వాడే మన దేశం లాంటి చోట్ల దీని భారం ఎక్కువ. కోట్ల మందికి ఒక్క రాత్రిలో సగం ఇంటర్నెట్ మూతపడుతుందా అన్న భయం అప్పట్లో నిజమైనదే.

దానికి దొరికిన ఉపాయం చాలా ఆసక్తికరమైనది. జాబితాలో ఉన్న రూట్ సర్టిఫికెట్ మీద రాసి ఉన్న గడువు తేదీని ఆండ్రాయిడ్ పట్టించుకోదు. ఇది పొరపాటు కాదు, కావాలని అలా రూపొందించారు. తర్కం ఏమిటంటే, రూట్‌ను నమ్మేది దాని మీద ఉన్న సంతకం వల్ల కాదు, జాబితాలో ఉన్నందువల్ల. తన గురించి తాను రాసుకున్న తేదీకి ప్రత్యేకమైన విలువేముంది? జాబితా నుంచి అవసరమైతే తీసేస్తారు, అంతవరకు అది నమ్మదగినదే. ఈ వెసులుబాటును ఆసరా చేసుకుని 2021 జనవరి 20 నుంచి చెల్లేలా ఐడెన్‌ట్రస్ట్ మరో క్రాస్ సంతకం చేసింది. దాని గడువు 2024 సెప్టెంబర్ 30. అంటే సంతకం చేసిన పాత రూట్ గడువు తీరిన తర్వాత కూడా మూడేళ్లు చెల్లే సంతకం! వినడానికి వింతగా ఉన్నా పాత ఆండ్రాయిడ్ ఫోన్లలో ఇది పనిచేసింది. ఆ రాత్రి అవి చాలావరకు నిశ్చింతగా నడిచాయి.

అప్పట్లో ఒక వెబ్‌సైటు సర్వరు పంపే గొలుసును తెరమీద చూస్తే ఇలా ఉండేది. ఇందులో `s:` అంటే ఆ సర్టిఫికెట్ ఎవరిది, `i:` అంటే ఎవరు జారీ చేశారు అని:

```
 0 s:CN = example.org
   i:C = US, O = Let's Encrypt, CN = R3
 1 s:C = US, O = Let's Encrypt, CN = R3
   i:C = US, O = Internet Security Research Group, CN = ISRG Root X1
 2 s:C = US, O = Internet Security Research Group, CN = ISRG Root X1
   i:O = Digital Signature Trust Co., CN = DST Root CA X3
```

ఒక్కో వరుసలోని `i:` పేరు కింది వరుసలో `s:` పేరుగా మళ్లీ కనిపించడం గమనించవచ్చు. గొలుసు కొక్కేలు అంటే అవే. చివరి పేరు, DST Root CA X3, సర్వరు పంపదు. అది పరికరం జాబితాలో ఉండాలి.

ఫోన్లు గట్టెక్కాయి సరే, మరి మొరాయించినవి ఏవి? ప్రధానంగా ఓపెన్ ఎస్ఎస్ఎల్ 1.0.2 అనే పాత సాఫ్ట్‌వేర్ వాడుతున్న సర్వర్లు. ఉబుంటు 16.04, సెంట్‌ఓఎస్ 7 వంటి వ్యవస్థల్లో ఉండేది ఇదే. వీటిలో చాలావాటి జాబితాలో కొత్త రూట్ ISRG Root X1 కూడా ఉంది. అంటే రెండో మెట్టు దగ్గరే ఆగిపోయి ‘నమ్మాను’ అనవచ్చు. కానీ ఆ పాత సాఫ్ట్‌వేర్ సర్వరు చూపిన దారినే చివరిదాకా ఎక్కుతుంది. చివర్న DST Root CA X3 దొరుకుతుంది. దాని తేదీ చూస్తుంది. గడువు తీరింది, తలుపు మూసేస్తుంది. మధ్యలో మరో మంచి దారి ఉందన్న సంగతి చూడదు. దీనికి తేలిగ్గా దొరికిన చికిత్స, జాబితా నుంచి పాత రూట్‌ను తీసేయడం. అది కనబడకపోతే సాఫ్ట్‌వేర్ గత్యంతరం లేక రెండో దారి వెతుక్కుంటుంది, అది తెరిచే ఉంది. నమ్మే పేర్లలో ఒకటి తగ్గిస్తే నమ్మకం కుదరడం కొంత విడ్డూరంగానే అనిపిస్తుంది.

iOS 10 కంటే ముందు వెర్షన్‌లోనే ఆగిపోయిన ఐఫోన్లు, macOS 10.12.1 కంటే పాత మ్యాక్‌లకు ఈ ఉపాయాలేవీ పనిచేయలేదు. వాటి జాబితాలో కొత్త రూట్ లేదు, పాత రూట్ తేదీని అవి పట్టించుకుంటాయి.

గడువు ఎందుకసలు?

ఇక్కడ ఒక సందేహం రావాలి. నిన్నటిదాకా పనిచేసిన కీ ఈరోజు కూడా అదే కీ. గడువు తీరిన మరుక్షణం ఎన్‌క్రిప్షన్ బలహీనపడదు. దారిలో చాటుగా వినేవాడికి నిన్న అర్థం కానిది ఈరోజూ అర్థం కాదు. అలాంటప్పుడు తేదీ దాటితే అంత పెద్ద హెచ్చరిక దేనికి?

గడువు చెప్పేది తాళం గురించి కాదు, పూచీ గురించి. డొమైన్ పేర్లు చేతులు మారుతుంటాయి. నిర్వాహకులు మారుతుంటారు. ప్రైవేట్ కీ ఎవరైనా దొంగిలించి ఉండవచ్చు. పూచీ పడిన సంస్థ ఏదో ఒకనాటి పరిస్థితిని చూసి సంతకం చేసింది, అది ఎల్లకాలం నిజమని ఎవరూ చెప్పలేరు. పొరపాటు తేలితే గడువులోపే సర్టిఫికెట్‌ను రద్దు చేసే పద్ధతి ఉంది. రద్దయిన వాటి జాబితాలు ప్రచురిస్తారు. కానీ గడువు తీరిన సర్టిఫికెట్లను ఆ జాబితాల నుంచి తొలగిస్తారు, లేకపోతే అవి అంతులేకుండా పెరిగిపోతాయి. కాబట్టి తేదీ దాటిన సర్టిఫికెట్ మధ్యలో రద్దయిందో లేదో చెప్పే నాథుడే ఉండడు. ‘ఒక్కరోజే కదా దాటింది’ అనుకుని ముందుకు వెళ్లేవారు గమనించని విషయం ఇది.

రద్దు చేయడం కూడా అనుకున్నంత తేలిక కాదు. దానికి మన దేశంలోనే ఒక ఉదాహరణ ఉంది. 2014 జులై 2న, తన డొమైన్ల పేరిట అనధికార సర్టిఫికెట్లు కొన్ని బయట ఉన్నట్టు గూగుల్ గుర్తించింది. అవి జారీ అయింది నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్‌కు చెందిన ఇంటర్మీడియట్ల నుంచి. వాటి పైన ఉన్న రూట్ భారత ప్రభుత్వ కంట్రోలర్ ఆఫ్ సర్టిఫయింగ్ అథారిటీస్‌ది. ఆ రూట్ మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉన్నందున విండోస్‌లో చాలా ప్రోగ్రాములు వాటిని నమ్మేవి. సొంత జాబితా ఉన్న ఫైర్‌ఫాక్స్ నమ్మేది కాదు. మర్నాడే కంట్రోలర్ కార్యాలయం ఆ ఇంటర్మీడియట్లను రద్దు చేసింది. అయినా ఆ కబురు ప్రతి కంప్యూటరుకూ చేరుతుందన్న భరోసా లేక, బ్రౌజర్ సంస్థలు తమంతట తాము ప్రత్యేకంగా నిరోధించాల్సి వచ్చింది. గొలుసులో నడిమి కొక్కెం ఒకటి జారితే, కింద ఏ పేరుతోనైనా సర్టిఫికెట్ పుట్టించవచ్చని ఆ ఘటన చూపింది. రద్దు కబురు ఆలస్యమైనా, తేదీ మాత్రం ఎవరూ గుర్తుచేయకుండానే దాటుతుంది. అందుకే గడువును తగ్గించుకుంటూ పోవడమే మేలని ఈ రంగం నిర్ణయించుకుంది.

రెన్యూవల్ జరిగినా హెచ్చరిక

లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ల గడువు మామూలుగా 90 రోజులు. ఇంత తక్కువ వ్యవధిలో మనుషులు గుర్తుపెట్టుకుని మార్చడం కష్టం కాబట్టి సర్వరులోని ఒక ప్రోగ్రామే ఆ పని చూసుకుంటుంది. ఎక్కువమంది వాడేది సర్ట్‌బాట్. అది రోజుకు రెండుసార్లు లేచి తేదీ చూస్తుంది. గడువుకు సుమారు 30 రోజులు ఉండగా కొత్తదానికి దరఖాస్తు చేస్తుంది. జారీచేసే సంస్థ ఒక రహస్య పదం ఇచ్చి, దాన్ని ఆ వెబ్‌సైటులోనే ఫలానా చోట ఉంచమంటుంది. తర్వాత బయటి నుంచి వచ్చి చూస్తుంది. పదం అక్కడ ఉంటే ఆ డొమైన్ దరఖాస్తుదారు చేతిలో ఉన్నట్టే. ఇదంతా నిమిషంలోపే ముగుస్తుంది, కాగితం లేదు, రుసుం లేదు.

అయినా సైట్లు గడువు దాటుతూనే ఉంటాయి. ఎలాగో ఒక ఉదాహరణతో చూద్దాం. ఒక చిన్న డిగ్రీ కళాశాల వెబ్‌సైటుకు జూన్ 10న సర్టిఫికెట్ వచ్చిందనుకుందాం. సెప్టెంబర్ 8 దాకా చెల్లుతుంది. ఆగస్టు 9న సర్ట్‌బాట్ తన పని తాను చేసి కొత్త సర్టిఫికెట్ తెచ్చి డిస్కులో పెట్టింది. లాగ్ ఫైలులో ‘విజయవంతం’ అని రాసింది. నెల గడిచింది. సెప్టెంబర్ 8న విద్యార్థులు ఫీజు కట్టబోతే తెర మీద `NET::ERR_CERT_DATE_INVALID`. సర్వరు చూసే ఉద్యోగి లాగ్ చూపించి ‘రెన్యూ అయింది కదా’ అంటాడు. ఇద్దరి మాటా నిజమే. తేడా ఎక్కడుందో ఈ రెండు ఆదేశాలు చెబుతాయి. మొదటిది డిస్కులోని ఫైలు గడువు చూపుతుంది. రెండోది సర్వరు నిజంగా బయటివారికి ఇస్తున్నదాని గడువు చూపుతుంది.

```
openssl x509 -noout -enddate \
  -in /etc/letsencrypt/live/example.org/fullchain.pem

echo | openssl s_client -connect example.org:443 \
  -servername example.org 2>/dev/null | openssl x509 -noout -enddate
```

మొదటిదానికి నవంబర్ 7 అని, రెండోదానికి సెప్టెంబర్ 8 అని వస్తే విషయం తేలిపోయినట్టే. ఎన్‌జినెక్స్ వంటి వెబ్ సర్వర్లు సర్టిఫికెట్‌ను మొదలైనప్పుడే ఒకసారి చదివి మెమరీలో పెట్టుకుంటాయి. డిస్కులో ఫైలు మారిన సంగతి వాటికి ఎవరైనా చెప్పాలి. ఆ చెప్పడమే `systemctl reload nginx`. దాన్ని ప్రతిసారీ చేత్తో చేయనక్కర లేకుండా `certbot renew` ఆదేశానికి `--deploy-hook "systemctl reload nginx"` అని జోడిస్తే, కొత్త సర్టిఫికెట్ వచ్చినప్పుడల్లా సర్వరు దాన్ని మళ్లీ చదువుతుంది. ఈ ఒక్క ముక్క లేకపోవడం వల్ల నెల రోజుల ముందే పూర్తయిన రెన్యూవల్ అక్కరకు రాకుండా పోతుంది.

రెన్యూవలే జరగకపోతే రెండు తేదీలూ పాతవే కనిపిస్తాయి. అప్పుడు కారణం సాధారణంగా ఆ రహస్య పదం తనిఖీ దగ్గర ఉంటుంది. ఎవరో భద్రత పేరుతో ఫైర్‌వాల్‌లో 80వ పోర్టు మూసేసి ఉంటారు, లేదా డొమైన్‌ను వేరే సర్వరుకు మళ్లించి ఉంటారు. `certbot renew --dry-run` అనేది అసలు సర్టిఫికెట్ తీసుకోకుండా ఉత్తుత్తి ప్రయత్నం చేసి ఎక్కడ ఆగుతుందో చెబుతుంది. దీన్ని గడువు రోజున కాక, ఫైర్‌వాల్ మార్చిన రోజున నడపడం మంచిది. గడువు దగ్గరపడుతోందని లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఈమెయిల్ పంపేది. 2025 జూన్ 4 నుంచి ఆ ఈమెయిళ్లు ఆపేసింది. ఇంకా వాటి మీదే ఆధారపడినవారు ఉంటే వేరే ఏర్పాటు చూసుకోవాల్సిందే.

మరో తికమక రకం ఉంది. కళాశాల కంప్యూటరులో సైటు బాగానే తెరుచుకుంటుంది, విద్యార్థి ఆండ్రాయిడ్ ఫోనులో మాత్రం `NET::ERR_CERT_AUTHORITY_INVALID` అంటుంది. ఇక్కడ తేదీలతో పేచీ లేదు, గొలుసే తెగింది. సర్వరు అమరికలో `fullchain.pem` బదులు `cert.pem` ఫైలు పేరు ఇచ్చి ఉంటారు. రెండోదానిలో వెబ్‌సైటు సర్టిఫికెట్ ఒక్కటే ఉంటుంది, ఇంటర్మీడియట్ ఉండదు. కంప్యూటరు బ్రౌజర్లు చాలావరకు ఆ లోటును తామే పూడ్చుకుంటాయి, లేనిదాన్ని వెతికి తెచ్చుకుంటాయి లేదా ముందే దాచుకుని ఉంటాయి. ఫోనులో ఆ సౌకర్యం ఉంటుందన్న హామీ లేదు. అందుకే ఆఫీసు కంప్యూటరులో చూసి ‘మా దగ్గర బాగానే ఉంది’ అని చెప్పడం ఈ విషయంలో సాక్ష్యంగా పనికిరాదు. పైన గొలుసును చూపిన పద్ధతిలో, `openssl s_client` ఆదేశానికి `-showcerts` చేర్చి నడిపితే `0` వరుస ఒక్కటే కనిపించి, `1` లేకపోతే లోపం అదే.

చూసేవారి వైపు నుంచి

సర్వరు జోలికి పోలేని మామూలు వాడుకరికి హెచ్చరిక కనిపించినప్పుడు మొదట చూడాల్సింది సొంత ఫోనులో తేదీ. గడువు తీరిందా లేదా అన్నది ఫోను తన గడియారాన్ని బట్టే లెక్కిస్తుంది. బ్యాటరీ పూర్తిగా అయిపోయి, తేదీ ఏళ్ల వెనక్కి పోయిన ఫోనుకు ఈరోజు సర్టిఫికెట్లన్నీ ‘ఇంకా మొదలే కానివి’గా కనిపిస్తాయి. అన్ని సైట్లకూ ఒకేసారి హెచ్చరిక వస్తే తప్పు దాదాపుగా ఇక్కడే. రైల్వే స్టేషన్, హోటల్ వంటి చోట్ల ఉచిత వైఫై కలిపిన వెంటనే వస్తే, ఆ నెట్‌వర్కు తన లాగిన్ పేజీ చూపడానికి మధ్యలో అడ్డుపడి ఉండవచ్చు. మొబైల్ డేటాకు మారి చూస్తే తెలిసిపోతుంది. డేటాలో బాగుండి వైఫైలో హెచ్చరిక వస్తుంటే ఆ వైఫైలో పాస్‌వర్డ్ కొట్టకూడదు.

ఒకే ఒక్క సైటుకు, ఏ నెట్‌వర్కులో చూసినా, తేదీ లోపమే కనిపిస్తే చాలావరకు అది నిర్వాహకుల మతిమరుపు. చదివి వదిలేసే పేజీ అయితే నష్టం తక్కువే కానీ, లాగిన్, చెల్లింపు ఉన్న సైటైతే ఆగి, మరో మార్గంలో వారికి కబురు చేయడం మేలు. కొన్ని సైట్లు ‘మాకు ఎప్పుడూ సురక్షిత కనెక్షనే ఉండాలి’ అని బ్రౌజరుకు ముందే చెప్పి ఉంచుతాయి. వాటికి హెచ్చరిక పేజీలో ‘అయినా ముందుకు సాగు’ అన్న లింకే ఉండదు. బ్రౌజరు చెడిపోయిందని అనుకోనక్కర్లేదు.

పాత ఆండ్రాయిడ్ ఫోన్ల మూడేళ్ల వెసులుబాటు కూడా ముగిసింది. 2023 నాటికి కొత్త రూట్‌ను నమ్మే ఆండ్రాయిడ్ పరికరాలు 66 శాతం నుంచి 93.9 శాతానికి పెరిగాయని చెప్పి, లెట్స్ ఎన్‌క్రిప్ట్ 2024 జూన్ నుంచి ఆ క్రాస్ సంతకాన్ని ఇవ్వడం పూర్తిగా ఆపేసింది. 2024 సెప్టెంబర్ 30న ఆ సంతకం గడువు తీరింది. ఆండ్రాయిడ్ 7.0, అంతకు ముందు వెర్షన్ల ఫోను ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర ఉండి, కొన్ని సైట్లకు మాత్రం విడవకుండా హెచ్చరిక వస్తుంటే కారణం ఇదే కావచ్చు. ఆండ్రాయిడ్ జాబితాతో పనిలేకుండా తన రూట్ల జాబితా తానే మోసుకొచ్చే ఫైర్‌ఫాక్స్ అలాంటి ఫోన్లలో 2021లో ఒక దారిగా ఉపయోగపడింది. అయితే ఆ ఫోనులో నడిచే వెర్షన్ దొరకాలి, మిగతా యాప్‌లకు మాత్రం అది ఏ సాయమూ చేయదు.

నిర్వాహకులకు మున్ముందు గడువులు ఇంకా దగ్గరవుతాయి. 2015లో 39 నెలలుగా ఉన్న గరిష్ఠ గడువు 2018లో 825 రోజులకు, 2020 సెప్టెంబరు నుంచి 398 రోజులకు తగ్గింది. సర్టిఫికెట్ సంస్థలు, బ్రౌజరు సంస్థలు కలిసి ఉన్న వేదిక 2025 ఏప్రిల్‌లో కొత్త పట్టికను ఆమోదించింది. దాని ప్రకారం 2026 మార్చి 15 నుంచి 200 రోజులు, 2027 మార్చి 15 నుంచి 100 రోజులు, 2029 మార్చి 15 నుంచి 47 రోజులే. ఏడాదికోసారి క్యాలెండరులో గుర్తు పెట్టుకుని చేత్తో సర్టిఫికెట్ మార్చే కార్యాలయాలు అప్పటికి ఏడాదికి ఎనిమిదిసార్లు ఆ పని చేయాల్సి వస్తుంది. ISRG Root X1 గడువు మాత్రం 2035 జూన్ 4.